మటన్ బిర్యానీ ప్లేటు ఖర్చు: లెక్క ఎలా సరిచేశాను

కాగితం మీద లాభం కనిపించేది, గల్లాలో మాత్రం తేలేది కాదు. ప్లేటుకి ఉడికిన ముక్కలు 180 గ్రాములు, మటన్ కిలో 800 రూపాయలు, అంటే ముక్కలకు 144 రూపాయలని పాత లెక్క. ఆ 800 పచ్చి మాంసం ధర, ప్లేటులో పడేది ఉడికిన మాంసం. తేడా అక్కడే ఉంది.

ఒక హండీకి అన్నీ తూకం వేయించాను. 10 కిలోలు కొంటే కొవ్వు, పొరలు, పనికిరాని ఎముక తీసేశాక 9 కిలోలు మిగిలింది. మసాలా పట్టించాక తూస్తే పెరుగు బరువు కలిసిపోతుంది కాబట్టి ముందే తూచాలి. దమ్ దించాక అంటిన అన్నం, మసాలా దులిపి ముక్కలు తూస్తే 6.3 కిలోలు. అంటే 8000 రూపాయలకు నిజంగా వచ్చింది అంతే. ఉడికిన కిలో సుమారు 1270, ప్లేటుకి 229 రూపాయలు. పాత లెక్కకన్నా 85 ఎక్కువ!

బియ్యం దీనికి తిరగబడి ఉంటుంది, ఉడికాక బరువు పెరుగుతుంది. కాబట్టి దానికీ వండిన తూకమే పట్టాలి. ఉల్లిపాయ వేయించాక బాగా తగ్గిపోతుంది.

లెక్క ప్రకారం 35 ప్లేట్లు రావాలి, అమ్మింది 33. అడుగంటిన పొర కొంత, వడ్డించేవాళ్లు కాస్త ఎక్కువ వేసేయడం కొంత. అందుకే ధర పెట్టేటప్పుడు 8000ని 33తోనే భాగిస్తున్నాను: 242. మటన్ కొట్టు మారినా, కట్ మారినా మళ్లీ తూకం వేస్తాను.