లక్ష్యం చెప్పకుండా ప్రాజెక్టు ప్రతిపాదన రాయమంటే ఏం చేయాలి?

"అన్నగారూ, మహిళలకు కుట్టు శిక్షణ గురించి ఒక ప్రాజెక్టు రాసిపెట్టండి, ఎల్లుండి ఇవ్వాలి." స్వచ్ఛంద సంస్థలకు ప్రతిపాదనలు రాసిపెట్టే నాకు ఇలాంటి ఫోన్లు తరచుగా వస్తాయి. లక్ష్యం ఏమిటో, ఎంత డబ్బో, ఎన్ని నెలలో, ఇచ్చేది ఎవరో ఆ మాటలో లేవు. అయినా చాలామంది వెంటనే పాత ప్రతిపాదన తెరిచి ఊరి పేరు మార్చేస్తారు. పాత ఫైలు అసలు తెరవవద్దు. ఒక తెల్లకాగితం చాలు.

ముందుగా అడగవలసింది డబ్బు ఇచ్చేవారి గురించి. కంపెనీ సామాజిక బాధ్యత నిధి, అంటే సీఎస్‌ఆర్‌ నిధి అయితే సంస్థకు సీఎస్‌ఆర్‌-1 నమోదు సంఖ్య ఉండాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇది తప్పనిసరి. ఈ నిధితో చేయదగిన పనుల జాబితా అయిన కంపెనీల చట్టంలోని ఏడవ షెడ్యూలు కిందికి మన పని రావాలి. కుట్టు శిక్షణ వస్తుంది. ఆ కంపెనీకి సొంత దరఖాస్తు నమూనా ఉంటే తెప్పించుకోండి. ఇవన్నీ ఫోనులోనే అడగండి. సందేశం పంపితే "మీరే చూసి రాయండి" అని జవాబు వస్తుంది.

ఇక లక్ష్యం. ప్రతిపాదనలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి. "మీ లక్ష్యం ఏమిటి?" అని అడిగితే ఎవరైనా "కుట్టుమిషన్లు ఇవ్వడం" అంటారు. అది మనం చేసే పని. ఆ పని అయ్యాక ఎవరి బతుకులో ఏం మారుతుందో, అది లక్ష్యం. ఈ తేడా పట్టించుకోకుండా రాసిన ప్రతిపాదన చదివిన అధికారికి ఒకే సందేహం వస్తుంది: మిషన్లు ఇచ్చిన ఏడాదికి అవి దుమ్ము పట్టి మూలన ఉండవని నమ్మకమేమిటి?

అందుకే నేను ఆ మాట అడగను. "శిక్షణ పూర్తయిన ఆరు నెలలకు మీ ఊరికి వస్తే నాకు ఏం చూపిస్తారు?" అని అడుగుతాను. పై ఫోను చేసినాయన కాసేపు ఆలోచించి, "ముప్ఫైమందిలో ఇరవైమందైనా ఇంట్లో కుట్టుకుంటూ నెలకు మూడు వేలు సంపాదిస్తుంటారు" అన్నారు. అదే లక్ష్యం. అందులో ఎవరు, ఎంతమంది, ఎంత, ఎప్పటికి అన్నీ ఉన్నాయి. రాసిన వాక్యంలోంచి "మిషన్లు" అన్న మాట తీసేసి మళ్లీ చదవండి. అప్పుడు ఏమీ మిగలకపోతే అది లక్ష్యం కాదు. "మహిళా సాధికారత" అని మాత్రం రాయవద్దు. ఏడాది చివర దాన్ని లెక్కపెట్టి చూపలేరు.

ఇంకో ప్రశ్న కూడా వెంటనే అడగాలి: ఆ ఇరవైమందికి కుట్టే పని ఎవరిస్తారు? బడి దుస్తులా, ఊళ్లో జాకెట్లా? ఆయన దగ్గర జవాబు లేదు. రెండు రోజులు ఆగి, చుట్టుపక్కల దర్జీలను, బడులను అడిగి రమ్మన్నాను. గడువు ఎల్లుండే అయినా ఇదే నా పద్ధతి.

లక్ష్యం కుదిరితే కాలం దానంతట అదే వస్తుంది. ముప్ఫైమందిని పదిహేనుమంది చొప్పున ఉదయం ఒక జట్టుగా, మధ్యాహ్నం ఒక జట్టుగా చేస్తే శిక్షణ ఆరు నెలలు. సంపాదన నిలబడిందో లేదో చూడటానికి మరో ఆరు నెలలు. మొత్తం ఏడాది. శిక్షణతోనే ఆపేస్తే మన లక్ష్యం నెరవేరిందో లేదో ఎవరికీ తెలియదు.

బడ్జెట్టు చివరిది. ముందు మొత్తం అనుకుని దానికి ఖర్చులు అతికించేవారిని చాలామందిని చూశాను. అది తప్పు. జట్టు పదిహేనుమందే కాబట్టి శిక్షణకు మిషన్లు ముప్ఫై అక్కరలేదు, పదిహేను చాలు. దుకాణం ఇచ్చిన ధర తొమ్మిది వేలు అనుకుంటే 1,35,000 రూపాయలు. శిక్షకురాలికి నెలకు 12,000 చొప్పున ఆరు నెలలకు 72,000. గది అద్దె 24,000. బట్ట, దారం మనిషికి వెయ్యి చొప్పున 30,000. తరువాతి ఆరు నెలలు ఇళ్లకు వెళ్లి చూసే కార్యకర్తకు నెలకు ఐదు వేల చొప్పున 30,000. మొత్తం 2,91,000. ఈ చివరి ముప్ఫై వేలను అందరూ ముందుగా కొట్టేస్తారు; కొట్టేయవద్దు, లక్ష్యాన్ని కొలిచేది ఆ మనిషే. మిషన్లకు ధరల పత్రాలు తప్పక జతచేయండి.

సీఎస్‌ఆర్‌ నిబంధనల్లోని ఐదు శాతం పరిపాలనా ఖర్చు చూసి, అది మన ఆఫీసుకు ఇచ్చేదని కొందరు రాస్తుంటారు. ఆ పరిమితి కంపెనీ సొంత పరిపాలనా ఖర్చుకు సంబంధించినది. మన అకౌంటెంటు ఖర్చును కంపెనీని అడిగి, ఒప్పుకుంటే విడి పద్దుగా చూపండి.

ఈ నాలుగు జవాబులూ కాగితం మీదికి వచ్చాక, కంపెనీ నమూనాలో నింపడం ఒక పూట పని.