ఆదాయం 50 లక్షలు దాటితే సర్‌ఛార్జి ఎంత? మార్జినల్ రిలీఫ్ ఎలా లెక్కేసుకోవాలి?

మన ఆదాయపు పన్నులో శ్లాబ్‌లు మెట్లలా ఉంటాయి. ఆదాయం పై శ్లాబ్‌లోకి వెళ్తే, ఆ శ్లాబ్‌లో పడిన డబ్బుకే ఎక్కువ రేటు వర్తిస్తుంది. కింద ఉన్న డబ్బు జోలికి ఎవరూ రారు. సర్‌ఛార్జి అలా కాదు. పన్ను విధించదగిన ఆదాయం 50 లక్షలు దాటిందంటే, దాటిన డబ్బు మీద మాత్రమే కాదు, మొత్తం పన్ను మీద 10 శాతం అదనంగా పడుతుంది. అంటే ఒక్క వెయ్యి రూపాయలు ఎక్కువ సంపాదించినందుకు లక్ష రూపాయలకు పైగా పన్ను కట్టాల్సి వచ్చేది. ఈ అన్యాయం జరగకుండా చట్టంలో పెట్టిన ఏర్పాటే మార్జినల్ రిలీఫ్. గీత దాటిన తర్వాత పెరిగిన పన్ను, పెరిగిన ఆదాయం కన్నా ఎక్కువ ఉంటే ఆ తేడాను వదిలేస్తారు.

2025-26 ఆర్థిక సంవత్సరానికి, కొత్త పన్ను విధానంలో, ఒక ఉద్యోగి ఉదాహరణతో ఈ లెక్క చేద్దాం. జీతం 50,75,000. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద వడ్డీ లక్ష రూపాయలు. ఇంకే ఆదాయమూ లేదు.

మొదట: పన్ను విధించదగిన ఆదాయం తేల్చుకోండి

50 లక్షల గీతను చూడాల్సింది ప్యాకేజీతోనో, చేతికొచ్చే జీతంతోనో కాదు. మినహాయింపులన్నీ పోగా మిగిలిన ఆదాయంతో. ఈ ఉద్యోగికి జీతంలోంచి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే సరిగ్గా 50,00,000 మిగిలింది. జీతం ఒక్కటే ఉంటే సర్‌ఛార్జి లేదు, ఎందుకంటే 50 లక్షలు దాటాలి, తాకితే చాలదు. వడ్డీ కలిపితే 51,00,000 అయింది. గీత దాటింది.

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. బ్యాంకు వడ్డీ, డివిడెండ్, షేర్లు అమ్మిన లాభం "వేరే రేటు కదా, వేరే లెక్క కదా" అని పక్కన పెట్టేస్తారు. రేటు వేరైనా 50 లక్షలు దాటిందా లేదా అని చూసేటప్పుడు అవన్నీ కలపాల్సిందే.

తర్వాత: సర్‌ఛార్జితో కలిపి పన్ను వేయండి

2025-26కి కొత్త విధానంలో మొదటి 4 లక్షలకు పన్ను లేదు. అక్కడి నుంచి ప్రతి 4 లక్షలకు 5, 10, 15, 20, 25 శాతం చొప్పున 24 లక్షల వరకు వెళ్తుంది. అవన్నీ కలిపితే 3,00,000. 24 లక్షలు దాటిన ప్రతి రూపాయికీ 30 శాతం.

51 లక్షల్లో 24 పోగా మిగిలిన 27 లక్షలకు 30 శాతం అంటే 8,10,000. మొత్తం పన్ను 11,10,000. దీని మీద 10 శాతం సర్‌ఛార్జి 1,11,000. రెండూ కలిపి 12,21,000. సెస్ ఇప్పుడే కలపొద్దు. అది ఆఖర్న.

ఆ తర్వాత: గీత మీద నిలబడి ఉంటే ఎంత కట్టేవారో చూడండి

సరిగ్గా 50 లక్షల ఆదాయం ఉంటే 26 లక్షలకు 30 శాతం 7,80,000, దానికి కింది శ్లాబ్‌ల 3,00,000 కలిపితే 10,80,000. సర్‌ఛార్జి లేదు.

ఇప్పుడు రెండింటినీ పోల్చండి. పెరిగిన ఆదాయం 1,00,000. పెరిగిన పన్ను 12,21,000 లోంచి 10,80,000 తీసేస్తే 1,41,000. లక్ష సంపాదించినందుకు లక్షా 41 వేలు అడుగుతున్నారన్నమాట. ఎక్కువైన ఆ 41,000 మార్జినల్ రిలీఫ్. అంటే సర్‌ఛార్జి 1,11,000 నుంచి 70,000కి తగ్గుతుంది. పన్ను, సర్‌ఛార్జి కలిపి 11,80,000 అవుతుంది. సరిచూసుకోవడం తేలిక: ఈ అంకె ఎప్పుడూ 50 లక్షల మీది పన్నుకు (10,80,000), దాటిన ఆదాయాన్ని (1,00,000) కలిపినంతే ఉండాలి. రిలీఫ్ వర్తించే చోట ఇలా రాకపోతే ఎక్కడో కూడిక తప్పినట్టే.

ఆఖర్న సెస్. అసలు కిటుకు ఇక్కడే ఉంది

హెల్త్ అండ్ ఎడ్యుకేషన్ సెస్ 4 శాతం. రిలీఫ్ తీసేశాక మిగిలిన 11,80,000 మీద 47,200. కట్టాల్సిన మొత్తం 12,27,200.

50 లక్షల దగ్గర ఆగి ఉంటే? 10,80,000కి 4 శాతం సెస్ 43,200 కలిపి 11,23,200. రెండింటికీ తేడా 1,04,000. లక్ష రూపాయల వడ్డీ వచ్చింది, దాని వల్ల కట్టింది లక్షా నాలుగు వేలు. "పెరిగిన పన్ను పెరిగిన ఆదాయాన్ని మించదు" అనే మాట సెస్‌కు ముందు వరకే నిజం. రిలీఫ్ సర్‌ఛార్జికి వర్తిస్తుంది కానీ సెస్ దాని తర్వాత పడుతుంది కాబట్టి ఆ నాలుగు శాతం చేతి నుంచి పోతుంది.

దీని ప్రభావం ఎంత దూరం ఉంటుందో తెలుసుకోవడం ముఖ్యం. కొత్త విధానంలో, మామూలు రేటు ఆదాయం మాత్రమే ఉన్నవాళ్లకు, ఈ రిలీఫ్ దాదాపు 51,61,194 రూపాయల వరకు పనిచేస్తుంది. అక్కడికి వచ్చేసరికి పెరిగిన పన్ను, పెరిగిన ఆదాయం సమానమవుతాయి. ఆపైన మామూలుగా 10 శాతం సర్‌ఛార్జి. 50 లక్షలకూ ఈ అంకెకూ మధ్య సంపాదించిన ప్రతి రూపాయీ పన్నుగానే పోతుంది, పైగా నాలుగు పైసలు జేబులోంచి వేయాలి. 51.61 లక్షల దగ్గర చేతిలో మిగిలేది 50 లక్షల దగ్గర మిగిలిన దానికన్నా సుమారు 6,450 తక్కువ. మళ్లీ ఆ స్థాయికి రావాలంటే ఆదాయం దాదాపు 51,71,000కి చేరాలి.

పాత విధానంలోనూ పద్ధతి ఇదే, అంకెలు మారతాయి. 60 ఏళ్ల లోపు వారికి 50 లక్షల మీద పన్ను 13,12,500. రిలీఫ్ దాదాపు 51,95,896 వరకు వెళ్తుంది.

అందుకే ఆదాయం ఈ మధ్యలో పడేలా ఉంటే మార్చి 31 లోపే చూసుకోవాలి. ఇక్కడ తగ్గించుకున్న ఒక్కో లక్షకు పన్ను లక్షా నాలుగు వేలు తగ్గుతుంది. మామూలు శ్లాబ్ రేట్లతో ఇంత ఫలితం రాదు. కొత్త విధానంలో 80సీ లాంటి మినహాయింపులు లేవు కానీ, కంపెనీ తన వాటాగా ఎన్‌పీఎస్‌లో వేసే డబ్బుకు బేసిక్, డీఏలలో 14 శాతం వరకు మినహాయింపు ఉంది. కంపెనీ ఒప్పుకుని జీతంలో కొంత భాగాన్ని అటు మళ్లిస్తే ఈ ఉద్యోగి 50 లక్షల దగ్గరే ఆగిపోవచ్చు. అయితే ఏడాది ముగిశాక చేయగలిగింది ఏమీ లేదు. రిటర్న్ వేసేటప్పుడు గుర్తొస్తే లాభం లేదు. షేర్లు, స్థలం అమ్మే ఆలోచన ఉన్నవాళ్లు కూడా అమ్మకం మార్చిలోనా ఏప్రిల్‌లోనా అన్నది ఈ లెక్క చూసుకునే నిర్ణయించుకోవాలి.

ముందే కట్టకపోతే వడ్డీ

మన ఉద్యోగి విషయానికే వద్దాం. కంపెనీకి ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ సంగతి చెప్పలేదనుకోండి. జీతం మీద 11,23,200 టీడీఎస్ కోస్తుంది. బ్యాంకు లక్ష వడ్డీ మీద 10 శాతం, అంటే 10,000 కోస్తుంది. కట్టాల్సింది 12,27,200. ఇంకా 94,000 బాకీ. బ్యాంకు టీడీఎస్ కోసింది కదా, వడ్డీ పన్ను అయిపోయింది అనుకునేవాళ్లకు రిటర్న్ వేసే రోజు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే.

బాకీ 10,000 లేదా అంతకు మించితే అడ్వాన్స్ ట్యాక్స్ కట్టాలి. వాయిదాలు జూన్ 15, సెప్టెంబర్ 15, డిసెంబర్ 15, మార్చి 15. ఏమీ కట్టకుండా జూలై ఆఖర్న ఒకేసారి కడితే, 234బి కింద నెలకు ఒక శాతం చొప్పున ఏప్రిల్ నుంచి నాలుగు నెలలకు 3,760 పడుతుంది. వాయిదాలు తప్పినందుకు 234సి వడ్డీ అదనం. సులువైన దారి, వడ్డీ ఆదాయం వివరాలు కంపెనీకి ముందే ఇచ్చి జీతంలోనే టీడీఎస్ కోయించుకోవడం.

కోటి దాటిన వారికి ఒక జాగ్రత్త

సర్‌ఛార్జి కోటి దాటితే 15 శాతం, 2 కోట్లు దాటితే 25 శాతం. కొత్త విధానంలో అక్కడితో ఆఖరు. పాత విధానంలో 5 కోట్లు దాటితే 37 శాతం. ప్రతి గీత దగ్గరా రిలీఫ్ ఉంది, లెక్కా అదే. కానీ పోల్చేటప్పుడు గీత మీది పన్నులో అక్కడి వరకు ఉన్న సర్‌ఛార్జిని కలపడం మర్చిపోకూడదు.

1,01,00,000 ఆదాయం చూడండి. పన్ను 26,10,000, 15 శాతం సర్‌ఛార్జి 3,91,500, కలిపి 30,01,500. సరిగ్గా కోటి దగ్గర పన్ను 25,80,000, దాని మీద 10 శాతం సర్‌ఛార్జి 2,58,000, కలిపి 28,38,000. తేడా 1,63,500. పెరిగిన ఆదాయం లక్ష పోగా రిలీఫ్ 63,500. ఆ 2,58,000 కలపకుండా పోల్చితే రిలీఫ్ 3,21,500 అని వస్తుంది. దాన్ని నమ్ముకుని తక్కువ అడ్వాన్స్ ట్యాక్స్ కడితే మిగతాది వడ్డీతో సహా కట్టాలి.

షేర్ల లాభాలు, డివిడెండ్లు పెద్ద మొత్తంలో ఉన్నవారి లెక్క ఇంత సూటిగా ఉండదు. లిస్టెడ్ షేర్ల స్వల్పకాలిక లాభం, దీర్ఘకాలిక మూలధన లాభాలు, డివిడెండ్ల మీద సర్‌ఛార్జి ఎంత ఆదాయమున్నా 15 శాతాన్ని మించదు. పైన చెప్పిన 51,61,194 లాంటి అంకెలు వాళ్లకు సరిపోవు.

రిటర్న్‌లో ఎక్కడ చూడాలి

50 లక్షలు దాటితే, ఉన్నది జీతం, వడ్డీ మాత్రమే అయినా ఐటీఆర్-1 పనికిరాదు. వ్యాపార ఆదాయం లేనివాళ్లు ఐటీఆర్-2 వేయాలి. అందులో `Part B-TTI` భాగంలో సర్‌ఛార్జిని రిలీఫ్‌కు ముందు, రిలీఫ్ తర్వాత అని విడివిడిగా చూపిస్తుంది. మన ఉద్యోగికి మొదటిది 1,11,000, రెండోది 70,000 కనిపించాలి. రెండూ ఒకటే ఉంటే, అంకెలు ఎక్కడ తప్పుగా పడ్డాయో చూసుకున్నాకే సబ్మిట్ నొక్కండి. తర్వాత ఆదాయపు పన్ను శాఖ నుంచి 143(1) ఇంటిమేషన్ వచ్చినప్పుడు అందులోని సర్‌ఛార్జి అంకెను కూడా ఈ 70,000తో పోల్చండి.