మేనేజీరియల్ గ్రిడ్ బిట్లు: 9,1 కి 1,9 కి, 5,5 కి 9,9 కి తికమక (సమస్య - పరిష్కారం)

సమస్య: ప్రశ్నలో సూపర్‌వైజర్ ఎలాంటివాడో బాగానే అర్థమవుతుంది, కానీ ఆప్షన్ల దగ్గరికొచ్చేసరికి 9,1 పెట్టాలా 1,9 పెట్టాలా అని ఆగిపోయి చివరికి తప్పుదే పెట్టేస్తాం.

కారణం: సూపర్‌వైజర్ పనినీ మనుషుల్నీ ఎంత పట్టించుకుంటాడో కొలవడానికి బ్లేక్, మౌటన్ 1964లో ఇచ్చిన ఈ గ్రిడ్‌లో అడ్డ గీత మీద పని, అంటే ప్రొడక్షన్, నిలువు గీత మీద మనుషులు ఉంటాయి, రెండిటికీ 1 నుంచి 9 దాకా మార్కులు. గ్రాఫ్‌లో లాగే అడ్డం నంబరు ముందు రాస్తారు, కాబట్టి మొదటి అంకె ఎప్పుడూ పనిదే. మనం "పీపుల్, ప్రొడక్షన్" అనే వరసలో బట్టీ పట్టేస్తాం, అక్కడే తిరగబడుతుంది.

పరిష్కారం: ఆప్షన్లు చూడకుండా ముందు రఫ్ పేపర్ మీద "పని, మనుషులు" అని అదే వరసలో రాసుకోండి. ఇప్పుడు ఈ బిట్ చూడండి: "ఆ సూపర్‌వైజర్ గంటగంటకీ అవుట్‌పుట్ లెక్క చూస్తాడు, టార్గెట్లు ఎవర్నీ అడక్కుండా తనే పెడతాడు, షిఫ్ట్ కుదరట్లేదని ఎవరైనా చెబితే అది నీ సమస్య అంటాడు." మొదటి రెండు వాక్యాలూ పని కింద పడతాయి, 9. మూడోది మనుషుల కింద, 1. అంటే 9,1, అథారిటీ-కంప్లయన్స్. అదే మనిషి అందరి బాగోగులూ కనుక్కుంటూ, ఎవరూ నొచ్చుకోకూడదని డెడ్‌లైన్ ఊసే ఎత్తకపోతే 1,9, కంట్రీ క్లబ్. రెండూ పట్టనివాడు 1,1, దాంట్లో పెద్దగా తికమక ఉండదు.

సమస్య: 5,5 రావాల్సిన చోట 9,9 పెట్టేయడం. నిజానికి ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే అని నా అభిప్రాయం.

కారణం: "పనినీ మనుషుల్నీ రెండిటినీ చూసుకుంటాడు" అనగానే 9,9 అనుకుంటాం. కానీ 5,5 వాడు కూడా రెండూ చూస్తాడు, కాకపోతే ఒకటి కొంచెం వదులుకుని ఇంకోటి కొంచెం తీసుకుంటాడు.

పరిష్కారం: ప్రశ్నలో రాజీ ఉందా లేదా వెతకండి. "టీమ్ గొణుగుతోందని టార్గెట్ కాస్త తగ్గించాడు, బదులుగా ఒక శనివారం రమ్మన్నాడు" అంటే బేరం జరిగింది, 5,5. "టార్గెట్ ఎంత పెట్టాలో, ఎలా చేరాలో టీమ్‌తో కూర్చుని తేల్చాడు, గొడవొస్తే కారణం దాకా వెళ్లి మాట్లాడాడు" అంటే పని జరిగే తీరులోనే మనుషులున్నారు, టార్గెట్ తగ్గలేదు, అది 9,9.

ఇంకోటి, "అవుట్‌పుట్ బాగా వచ్చింది" అని చివర్లో ఒక ముక్క తగిలిస్తే దాన్ని చూసి పనికి 9 వేసేయకండి, గ్రిడ్ కొలిచేది వచ్చిన ఫలితాన్ని కాదు, సూపర్‌వైజర్ దేన్ని ఎంత పట్టించుకుంటున్నాడో దాన్ని. ఆ వాక్యం కొట్టేసి మళ్లీ చదివితే, అందరితో కబుర్లు చెబుతూ టార్గెట్ అడగనివాడు అవుట్‌పుట్ ఎంతొచ్చినా 1,9 గానే మిగులుతాడు.