ఒక్క బల్బు వెలుగులో నానమ్మ వీడియో

రాత్రి పూట వంటింట్లో నానమ్మ అరిసెలు చేస్తుంటే వీడియో తీశాను. ఉన్నది గోడకు ఒక్క బల్బు. నాది ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉన్న ఏపీఎస్-సీ కెమెరా, దాంతో వచ్చిన జూమ్ లెన్స్. f పక్కన అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుని ఎక్కువ వెలుగు వస్తుంది; 50 ఎంఎం దగ్గర ఆ లెన్స్ f/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. షట్టర్ సెకనులో 1/50 వంతు పెడితే, వచ్చిన వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే ఐఎస్‌ఓ 12800కి వెళ్లింది. నీడల్లో రంగు చుక్కలు పాకుతున్నాయి.

మర్నాడు ఐఎస్‌ఓ 3200కి తగ్గించి తీసి, ఎడిటింగ్‌లో వెలుగు పెంచాను. ఆ చుక్కలు, అంటే నాయిస్, ఇంకా ఎక్కువే కనిపించింది. సెన్సర్‌కు చేరే వెలుగే తక్కువైనప్పుడు ఐఎస్‌ఓ తగ్గించి లాభం లేదని అప్పుడు అర్థమైంది.

ఫుల్ ఫ్రేమ్ కెమెరా, f/4 జూమ్ అద్దెకు తెద్దామనుకుని లెక్క వేశాను. సెన్సర్ వైశాల్యం సుమారు 2.3 రెట్లు, లెన్స్ వల్ల 2 రెట్లు, మొత్తం నాలుగున్నర రెట్ల వెలుగు. నా కెమెరాకే 50 ఎంఎం f/1.8 లెన్స్ తగిలించి f/2 దగ్గర తీస్తే 8 రెట్లు! ఐఎస్‌ఓ 1600 సరిపోతుంది. ఆ లెన్సే కొన్నాను, చుక్కలు దాదాపు పోయాయి.

కానీ మీటరున్నర దూరంలో ఫోకస్ లోతు, అంటే స్పష్టంగా కనిపించే మందం, ఏడు సెంటీమీటర్లే. నానమ్మ మూకుడు మీదికి వంగినప్పుడల్లా ముఖం మసకబారింది. అందుకే ఆమె పక్కకు జరిగి, చేతులు అడ్డంగా కదిలేలా కూర్చున్నాను. కెమెరా వైపు వంగడం తగ్గింది, ఫోకస్ నిలిచింది.