వేవిళ్ళు ఎంతవరకు మామూలు, ఎప్పుడు ఆసుపత్రికి వెళ్ళాలి: ఇంట్లోనే లెక్క చూసుకునే పద్ధతి

నెల తప్పిన కొత్తలో వాంతులు మొదలైతే మన రాయలసీమ ఇళ్ళలో మొదట వినిపించే మాట "కడుపుతో ఉన్నోళ్ళకి వాంతులు కాక ఏమైతాయి లేమ్మా" అన్నదే. నూటికి 70, 80 మంది గర్భిణులకు వికారమో వాంతులో ఉంటాయి కాబట్టి ఆ మాట చాలామంది విషయంలో నిజమే. అయితే కొద్దిమందిలో అవే వాంతులు ఒంట్లోని నీటినీ లవణాలనూ లాగేసి, సెలైన్ పెట్టక తప్పని స్థితికి తీసుకువెళ్తాయి. ఈ రెండింటి మధ్య తేడాను బరువు, మూత్రం, వాంతుల సంఖ్య అనే మూడు లెక్కలతో ఇంట్లోనే చాలావరకు పట్టుకోవచ్చు.

1. మొదట వారాలు లెక్క వేయండి

చివరిసారి బహిష్టు అయిన మొదటి రోజు నుంచి వారాలు లెక్కించాలి. వేవిళ్ళు సాధారణంగా 4 నుంచి 6 వారాల మధ్య మొదలై, తొమ్మిదో వారం దగ్గర బాగా ఎక్కువై, 12 నుంచి 16 వారాలకు తగ్గుముఖం పడతాయి. కొందరిలో 20 వారాల దాకా సాగుతాయి. అప్పటిదాకా ఏమీ లేకుండా తొమ్మిది వారాలు దాటాక తొలిసారి వాంతులు పట్టుకుంటే వాటిని వేవిళ్ళ ఖాతాలో వేయకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షను, కామెర్లు, అపెండిసైటిస్, పిత్తాశయంలో రాళ్ళు వంటి వేరే కారణాలను వైద్యులు వెతకవలసి ఉంటుంది.

2. కారణం తెలుసుకుంటే నింద తగ్గుతుంది

"పైత్యం చేసింది", "మనసు గట్టిగా పెట్టుకోదు" అని కోడలిని తప్పుపట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మాయ నుంచి వచ్చే జీడీఎఫ్15 అనే హార్మోను దీనికి ముఖ్య కారణమని 2023 డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. ఈ హార్మోను తల్లి రక్తంలో కలిసి, మెదడు వెనుక భాగంలో వాంతిని నడిపించే చోట పనిచేస్తుంది. గర్భానికి ముందు ఒంట్లో ఇది తక్కువగా ఉన్న స్త్రీకి ఈ పెరుగుదల కొత్త దెబ్బలా తగులుతుంది; ముందునుంచీ ఎక్కువగా ఉన్నవారికి అంతగా బాధ ఉండదు. బీటా థలసీమియా ఉన్న స్త్రీలలో ఈ హార్మోను ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది, వారికి గర్భంలో వాంతులు అరుదు. తల్లికో అక్కచెల్లెళ్ళకో తీవ్రంగా వచ్చి ఉంటే ఈమెకూ వచ్చే అవకాశం ఎక్కువ, అంటే ఇందులో వంశపారంపర్యం కూడా ఉంది.

కవలలు ఉన్నప్పుడు, బిడ్డ సరిగా ఏర్పడక మాయ నీటిబుడగల గుత్తిలా పెరిగే ముత్యాల గర్భంలో వాంతులు మరీ ఎక్కువగా ఉంటాయి. అందుకే వాంతులు తీవ్రంగా ఉన్నవారికి వైద్యులు ముందుగానే స్కాన్ చేయిస్తారు. ఇక ఆడపిల్లైతే వాంతులు ఎక్కువ, మగపిల్లాడైతే తక్కువ అని వాంతులను చూసి బిడ్డను ఊహించడం మానుకోవాలి. అలా తేల్చే దారి లేదు.

3. తినే వేళలు మార్చండి

ఖాళీ కడుపు వికారాన్ని పెంచుతుంది, నిండు కడుపు వాంతిని తెస్తుంది. ఉదయం మంచం దిగకముందే గుప్పెడు బొరుగులో, పుట్నాలో, రెండు బిస్కెట్లో తిని, పావుగంట ఆగి లేవడం మంచిది. ఆ తర్వాత రెండు మూడు గంటలకొకసారి కొద్దికొద్దిగా తినాలి. నీళ్ళు, మజ్జిగ, పలుచటి రాగి అంబలి వంటివి అన్నంతో కలిపి కాకుండా అరగంట తేడాతో తాగాలి. నూనె ఎక్కువగా పడ్డ బజ్జీలు, చిక్కటి శెనగవిత్తనాల చట్నీ కడుపులో ఎక్కువసేపు ఉండిపోతాయి కాబట్టి ఈ నాలుగైదు వారాలు ఉగ్గానిని బజ్జీ లేకుండా తినడమే మేలు. తాలింపు వాసనకే కడుపులో తిప్పేవారు చాలామంది. వారిని వంటగదికి దూరంగా ఉంచి, చల్లారిన తిండి పెట్టాలి. వేడి తగ్గితే వాసనా తగ్గుతుంది. అల్లం కొందరికి కొంతవరకు పనిచేస్తుంది.

వాంతి అయిన వెంటనే గ్లాసెడు నీళ్ళు గటగటా తాగితే అవీ బయటికే వస్తాయి. పది నిమిషాలు ఆగి, ప్యాకెట్ మీద రాసినంత నీటిలో కలిపిన ఓఆర్ఎస్‌ను చెంచాలతో, కొన్ని నిమిషాలకొకసారి, నెమ్మదిగా ఇవ్వాలి. అనంతపురం, కర్నూలు ఎండల్లో పొలం పనికి వెళ్ళే గర్భిణికి చెమట రూపంలో పోయే నీరు కూడా తోడవుతుందని ఇంట్లోవారు గుర్తుంచుకోవాలి.

తిండి మార్చినా తగ్గకపోతే మాత్రలు ఉన్నాయి. డాక్సిలమిన్, విటమిన్ బి6 కలిపిన మాత్ర గర్భిణులకు ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నది, బిడ్డకు హాని లేదని నిర్ధారణ అయినది. రాత్రి పడుకునే ముందు వేసుకుంటే ఉదయానికి పనిచేస్తుంది, కాస్త నిద్రమత్తు ఉంటుంది. మోతాదును ఏఎన్ఎం ద్వారానో, పీహెచ్‌సీ వైద్యుల ద్వారానో తెలుసుకోవాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకోకూడదు. మొదటి మూడు నెలల్లో వేసుకోవలసింది ఫోలిక్ ఆమ్లం మాత్రే. ఐరన్ మాత్ర ఆ తర్వాత మొదలవుతుంది. ముందే మొదలుపెట్టి ఉంటే, వికారాన్ని పెంచుతున్నది అదేనేమో వైద్యులను అడగాలి.

4. రోజూ సాయంత్రం మూడు ప్రశ్నలు

వైద్యులు వాడే ఒక కొలమానం ఉంది. గడిచిన 24 గంటల గురించి మూడు ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 1 నుంచి 5 మార్కులు. వికారం ఎంతసేపు ఉంది: లేకపోతే 1, గంట లోపు 2, రెండు మూడు గంటలు 3, నాలుగు నుంచి ఆరు గంటలు 4, అంతకు మించితే 5. వాంతులు ఎన్నిసార్లు: లేకపోతే 1, ఒకటి రెండు 2, మూడు నాలుగు 3, ఐదు ఆరు 4, ఏడు లేదా ఎక్కువ 5. ఏమీ బయటికి రాకుండా ఓకరింతలు మాత్రమే ఎన్నిసార్లు అన్న మూడో ప్రశ్నకు మార్కులు రెండోదాని లాగానే. మూడూ కలిపితే 6 వరకు తక్కువ బాధ, 7 నుంచి 12 మధ్యస్థం, 13 ఆపైన తీవ్రం.

దీనితోపాటు వారానికి రెండుసార్లు బరువు చూడాలి. అంగన్‌వాడీ కేంద్రంలోని కాటా చాలు, కాకపోతే ప్రతిసారీ అదే కాటా, అదే వేళ, పరగడుపున, మూత్రానికి వెళ్ళివచ్చాక చూడాలి. గర్భానికి ముందున్న బరువులో నూటికి 5 వంతులు తగ్గితే అది మామూలు వేవిళ్ళ హద్దు దాటినట్టే.

ఆదోని దగ్గరి పల్లెలో 46 కిలోల బరువున్న ఒక స్త్రీని ఉదాహరణగా తీసుకుందాం. ఆమెకు 5 శాతం అంటే 2.3 కిలోలు, అంటే 43.7 దగ్గర గీత గీసుకోవాలి. ఎనిమిదో వారంలో ఒక సోమవారం ఆమెకు రోజంతా వికారం (5), ఆరు వాంతులు (4), నాలుగు ఓకరింతలు (3), మొత్తం 12. బరువు 44.2, అంటే 1.8 కిలోలు తగ్గింది. మార్కులు మధ్యస్థంలోనే ఉన్నా 13కు ఒక్క మెట్టు దూరంలో ఉంది, బరువు జారుతోంది. ఈ దశలోనే పీహెచ్‌సీకి వెళ్ళి మాత్రలు మొదలుపెడితే చాలాసార్లు ఆసుపత్రిలో చేరే అవసరం రాదు. ఇంట్లోవారు "చూద్దాంలే" అన్నారనుకుందాం. గురువారానికి వికారం 5, ఎనిమిది వాంతులకు 5, ఐదు ఓకరింతలకు 4, మొత్తం 14. బరువు 43.5. మూత్రం రోజుకు రెండుసార్లే, ముదురు పసుపు రంగులో. ఇక ఆలోచించవలసింది ఏమీ లేదు, ఆ రోజే ఆసుపత్రి. ఒక్క వారంలో ఇంత దూరం రావడం, మొదటినుంచీ బక్కపలచగా ఉన్న స్త్రీలలో తేలికగా జరుగుతుంది.

5. లెక్కతో పనిలేని సందర్భాలు

24 గంటలుగా నీళ్ళు కూడా కడుపులో నిలవకపోయినా, ఎనిమిది గంటలకు పైగా మూత్రం రాకపోయినా, లేచి నిలబడితే కళ్ళు తిరిగి పడిపోతున్నా, వాంతిలో రక్తం కనిపించినా, జ్వరం, కడుపునొప్పి, మూత్రంలో మంట, రక్తస్రావం వీటిలో ఏది తోడైనా మార్కులు చూడకుండా 108కు ఫోన్ చేయాలి. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ వాడుతున్న గర్భిణి విషయంలో ఒక పూట వాంతులు ఆగకపోయినా ఆలస్యం చేయకూడదు.

6. "ఒక గ్లూకోజ్ బాటిల్ పెట్టండి" అనే ముందు

ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. నీరసంగా ఉందనగానే ఊళ్ళోని ఆర్ఎంపీ దగ్గరికి వెళ్ళి గ్లూకోజ్ ఎక్కించుకోవడం మన ప్రాంతంలో అలవాటు. కానీ రెండు మూడు వారాలుగా తిండి నిలవని స్త్రీ ఒంట్లో థయామిన్, అంటే విటమిన్ బి1, దాదాపు అయిపోయి ఉంటుంది. పాలిష్ బియ్యం తినేవారిలో అది మొదటినుంచీ తక్కువే. గ్లూకోజ్‌ను ఒళ్ళు వాడుకోవాలంటే థయామిన్ కావాలి. అది లేనప్పుడు గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కొద్దీ ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. చూపు రెండుగా కనపడటం, నడకలో తూలడం, మాటలో తికమక దీని గుర్తులు. ఇది అరుదు, కానీ వచ్చాక పూర్తిగా బాగుపడకపోవచ్చు.

అందుకే సరైన చికిత్సలో ముందు ఉప్పునీటి సెలైన్, రక్తపరీక్షను బట్టి అందులో పొటాషియం, గ్లూకోజ్ అవసరమైతే దానికి ముందే థయామిన్ ఇస్తారు. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లోని ప్రసూతి విభాగాలకు వెళ్ళినప్పుడు "ఎన్ని రోజులుగా తినలేదు, బయట గ్లూకోజ్ ఎక్కించారా" అన్న సంగతి అడగకముందే చెప్పండి. సాయంత్రపు లెక్కలు రాసుకున్న కాగితాన్నీ చూపించండి. తిండి లేక ఒంట్లోని కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే కీటోన్లు మూత్రంలో లేవు కాబట్టి ఫరవాలేదని ఎవరైనా పంపేస్తుంటే మీ బరువు లెక్క ముందుపెట్టండి. కీటోన్లను బట్టి తీవ్రతను తేల్చకూడదని బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది.

7. ఇంటికి వచ్చాక

రెండు పూటలు తేరుకోగానే మాత్రలు ఆపేయడం వల్లే చాలామంది మళ్ళీ ఆసుపత్రికి వస్తారు. వైద్యులు చెప్పేవరకు మాత్రలు వాడాలి, బరువు పాత అంకెకు చేరేదాకా చూస్తూ ఉండాలి. 20 వారాలు దాటాక తగ్గిన వాంతులు తలనొప్పితోనో, పొట్ట పైభాగంలో నొప్పితోనో తిరిగి వస్తే అవి వేవిళ్ళు కావు. అప్పుడు ఆ రోజే బీపీ చూపించుకోవాలి. ఒక గర్భంలో ఇంత తీవ్రంగా వచ్చినవారికి తర్వాతి గర్భంలోనూ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, నెల తప్పిన వెంటనే ఆ సంగతి వైద్యులకు చెబితే వాంతులు ముదరకముందే మాత్రలు మొదలుపెడతారు.