"వాట్స్ అప్?" అంటే ఏం చెప్పాలి: సమస్య - పరిష్కారం

"అక్కా, కారిడార్‌లో క్లాస్‌మేట్ ఎదురై 'హే, వాట్స్ అప్?' అన్నాడు. నేను ఆగి చెప్పడం మొదలుపెట్టేలోపే వెళ్ళిపోయాడు. వీళ్ళకి పొగరా?" అమెరికాకి ఎం.ఎస్. కోసం కొత్త బ్యాచ్ దిగిన ప్రతి ఆగస్టులోనూ నా దగ్గరికి వచ్చే మొదటి ఫిర్యాదు ఇదే. పొగరూ కాదు, మీ ఇంగ్లీషులో లోపమూ కాదు. ఒక్క చిన్న విషయం చూసుకోకపోవడం వల్ల వచ్చిన తంటా.

ముందు అతని కాళ్ళు చూడండి. నడుస్తూనే అన్నాడా, ఆగి మీవైపు తిరిగి అన్నాడా? నడుస్తూ అంటే అది ప్రశ్న కాదు, పలకరింపు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ కాళ్ళు చూడరు. తిన్నగా వెళ్ళి "వాట్స్ అప్‌కి కరెక్ట్ ఆన్సర్ ఏంటి" అని వీడియోలు చూసి పది జవాబులు బట్టీపట్టి వస్తారు.

సమస్య: జవాబు చెప్తుంటే అవతలివాళ్ళు వినరు, లేదా ముఖం అదోలా పెడతారు

కారణం మనకి తెలియనిదేం కాదు. సంచీ పట్టుకుని వీధిలోకి వస్తే ఎదురింటాయన "ఎటో బయల్దేరినట్టున్నారే?" అంటాడు. "ఇలా బజారుదాకా" అని నడిచిపోతాం. ఏ కొట్టుకి, ఏం కొనడానికి, ఎంతలో తిరిగొస్తామో చెప్పం. చెప్తే ఆయనే కంగారుపడతాడు. "భోజనాలయ్యాయా?" అన్నవాళ్ళకి కూరల జాబితా చదవం కదా. బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1923లోనే దీనికి 'ఫాటిక్ కమ్యూనియన్' అని పేరు పెట్టాడు. కబురు చేరవేయడానికి కాకుండా, మనిషికీ మనిషికీ మధ్య మాట కలిపి ఉంచడానికి ఆడే మాటలు అని. ఆరోగ్యం అడగడం, వాతావరణం గురించి ఓ మాట అనడం ఆయన చెప్పిన ఉదాహరణల్లోవే.

పరిష్కారం రెండు మూడు మాటల్లో ఉంది. "హౌజ్ ఇట్ గోయింగ్?" అంటే "గుడ్, యూ?" అనండి. "వాట్స్ అప్?" అంటే "నాట్ మచ్, యూ?" అనండి, లేదా తిరిగి "హే, వాట్స్ అప్?" అనేయండి. ప్రశ్నకి ప్రశ్నే జవాబేంటని అనుమానపడొద్దు, వాళ్ళూ అలాగే అంటారు. నడక ఆపక్కర్లేదు. బడిలో నేర్పిన "ఐ యామ్ ఫైన్, థాంక్యూ, అండ్ యూ?" తప్పేం కాదు గానీ, పాతికేళ్ళలోపు వాళ్ళ మధ్య పాఠం అప్పజెప్పినట్టుంటుంది. ఒట్టి "ఫైన్" అని ముక్తసరిగా అంటే ఏదో కోపంలో ఉన్నారనుకునే ప్రమాదం కూడా ఉంది. "గుడ్" అలవాటు చేసుకోండి.

ఒకటికొకటి మారిపోయి "వాట్స్ అప్?"కి "గుడ్" అన్నా కొంపేం మునగదు. అక్కడ పుట్టినవాళ్ళూ పొరబడుతుంటారు. దీని గురించి నిద్ర చెడగొట్టుకోవద్దు.

సమస్య: నిజంగా బాగాలేదు, "గుడ్" అనాలంటే అబద్ధం చెప్పినట్టుంది

ఇల్లు దొరకలేదు, ఒంట్లో బాలేదు, ఇంటి దగ్గర ఎవరికో ఆపరేషన్. అలాంటప్పుడు "గుడ్" అనడానికి నోరు రాదు. నిజమే. కానీ నడుస్తున్న మనిషికి "నాట్ గుడ్" అని చెప్తే అతను ఆగాలి, బ్యాగు దించాలి, "వాట్ హ్యాపెన్డ్?" అనాలి. క్లాసుకి టైమైపోతుంటే ఇద్దరికీ ఇబ్బందే.

పలకరింపునీ కష్టాన్నీ విడదీయండి. ముందు "హే, గుడ్, యూ?" అని పలకరింపు పూర్తి చేయండి. తర్వాత ఆగి "డూ యూ హ్యావ్ ఎ మినిట్?" అనండి. అప్పుడు అతనికి తెలుస్తుంది ఇక వినాల్సిన మాట వస్తోందని. ఆగేవాడు ఆగుతాడు, ఆగలేనివాడు "క్లాస్ అయ్యాక కలుద్దామా" అంటాడు. ఇక అందరికీ ఉన్న బాధ మాత్రం పలకరింపులోనే చెప్పుకోవచ్చు. మిడ్‌టర్మ్స్ వారంలో "సర్వైవింగ్" అంటే నవ్వుతారు. చలి, సోమవారం, డెడ్‌లైన్ కూడా ఈ కోవలోవే.

సమస్య: "నాట్ మచ్" అన్నాను, తర్వాత ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉండిపోయాం

అసలు దొంగ ఇక్కడ ఉన్నాడు. పైవన్నీ నేర్చుకుని, ఇక నాకంతా వచ్చేసింది అనుకున్నవాళ్ళే ఇందులో పడతారు. నన్ను బాగా విసిగించింది కూడా ఇదే, ఎందుకంటే బయటినుంచి చూస్తే జవాబులో తప్పేమీ కనపడదు.

మా జూనియర్ ఒకమ్మాయి ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి వెళ్ళింది. హోంవర్క్‌లో రెండో లెక్క అర్థం కాలేదు. తలుపు తట్టింది. ఆయన స్క్రీన్ మీంచి తలెత్తి "హే! వాట్స్ అప్?" అన్నాడు. ఈ అమ్మాయి నేర్చుకున్నట్టే నవ్వుతూ "నాట్ మచ్, హౌ ఆర్ యూ?" అంది. ఆయన "గుడ్..." అని ఆగాడు. ఈమె కూడా ఆగింది, ఆయన కూర్చోమంటాడని. ఆయన కనుబొమలు పైకెత్తి చూస్తున్నాడు. ఈమెకి టెన్షన్ మొదలై "హౌ ఈజ్ యువర్ డే?" అంది. ఆయన ఒకసారి స్క్రీన్ వైపు చూసి, "సో... డిడ్ యూ నీడ్ సమ్‌థింగ్?" అన్నాడు. ఈమెకి అది గెంటేసినట్టు వినపడింది. కాళ్ళు చూడమన్నావు కదక్కా, ఆయన కుర్చీలోనే ఉన్నాడు, నావైపే తిరిగి ఉన్నాడు, అయినా ఇలా అయిందేంటి అని నా మీదే విసుక్కుంది.

తను సగమే చూసింది. ఆగి మీవైపు తిరిగి ఉన్నాడంటే అది ప్రశ్న కావచ్చు అని అర్థం. ఆ ప్రశ్న దేని గురించో తెలియాలంటే ఇంకోటి చూడాలి: ఎవరు ఎవరి దగ్గరికి వెళ్ళారు? దారిలో ఎదురైతే "వాట్స్ అప్" పలకరింపు. మీరే పని మీద వెళ్తే, అదే మాటకి "చెప్పు, ఏం కావాలి?" అని అర్థం. మన ఇంటికి వేళకాని వేళ ఎవరైనా వస్తే "ఏంటి, ఇలా వచ్చారు?" అంటామే, అది. దానికి "ఏం లేదండీ" అని నిలబడితే మనకీ తోచదు.

కాబట్టి ఆ గుమ్మం దగ్గర సరైన జవాబు "హాయ్ ప్రొఫెసర్, ఐ హ్యాడ్ ఎ క్వశ్చన్ అబౌట్ ప్రాబ్లమ్ టూ". అంతే. కుశల ప్రశ్నలు అడగకుండా పని చెప్పడం మర్యాద తక్కువేమో అనిపిస్తుంది మనకి. అక్కడ ఆయన మీకు మాట అప్పగించేశాడు. మీరు అందుకోకపోవడమే ఇబ్బంది.

ఫోన్‌లోనూ ఇదే లెక్క. మీరు కాల్ చేశారు, అవతల "హే, వాట్స్ అప్?" అన్నారు. ఎందుకు చేశారో చెప్పండి. వాళ్ళు కాల్ చేసి "హే, వాట్స్ అప్?" అన్నారా? అప్పుడు "నాట్ మచ్, వాట్స్ అప్?" అనాలి. ఇక్కడ మీ రెండో "వాట్స్ అప్"కి అర్థం నువ్వెందుకు చేశావో చెప్పమని. ఆఫీసు చాట్‌లో ఒట్టి "హాయ్" అని పెట్టి కూర్చుంటారు మనవాళ్ళు. అటునుంచి "వాట్స్ అప్?" వస్తుంది. దానికి "నథింగ్, జస్ట్ లైక్ దట్" అని ఓ మెసేజ్ పెట్టి, రెండు నిమిషాల తర్వాత అసలు పని చెప్తారు. ఈ లోపు అవతలి మనిషి చేస్తున్న పని వదిలి మీ కోసం చూస్తూ ఉంటాడు. మొదటి మెసేజ్‌లోనే "హాయ్"తో పాటు పని కూడా రాసేయండి.

"హౌజ్ ఇట్ గోయింగ్" ఇంకో రకంగా దెబ్బకొడుతుంది. వారం వారం మీ గైడ్‌తో మీటింగ్ ఉందనుకోండి. గుమ్మంలో "హే, హౌజ్ ఇట్ గోయింగ్?" అంటాడు. "గుడ్, యూ?" అన్నారు, బాగుంది. కూర్చున్నారు, లాప్‌టాప్ తెరిచారు. ఆయన మళ్ళీ "సో, హౌజ్ ఇట్ గోయింగ్?" అంటాడు. ఇందాక చెప్పాను కదా అని మళ్ళీ "గుడ్" అనేస్తారు. ఇప్పుడడిగింది మీ పని సంగతి. ముందున్న "సో" గుర్తు: పలకరింపులు అయిపోయాయి, ఎందుకు కూర్చున్నామో అందులోకి వెళ్దాం అని. ఈ వారం ఏం చేశారు, ఎక్కడ ఆగింది, ఏం కావాలి, ఇవి చెప్పండి. "గుడ్" అని ఊరుకుంటే ఏమీ చేయలేదని అనుకుంటాడు. "ఇట్" బదులు ఏదైనా పేరు వచ్చినా అంతే. "హౌజ్ ద థీసిస్ గోయింగ్?" అన్నవాడికి కనీసం ఒక వాక్యం జవాబు కావాలి.

డాక్టర్ దగ్గరా ఇదే వరస. గదిలోకి రాగానే "హౌ ఆర్ యూ డూయింగ్ టుడే?" అంటారు. మూడు రోజుల జ్వరంతో వెళ్ళినా చాలామంది "గుడ్" అనేస్తారు, అందులో తప్పు లేదు. "సో, వాట్ బ్రింగ్స్ యూ ఇన్?" అన్నప్పుడే జ్వరం గురించి చెప్పే వేళ. "గుడ్" అనేశాను కదా అని మొహమాటపడి నొప్పి తగ్గించి చెప్పకండి.

మిగతావి

"వాట్స్ అప్ విత్ యూ?" అని చివర ఒక ముక్క చేరితే, గొంతు బట్టి, నీకేమైంది, అలా ఉన్నావేంటి అని అడగడం. అరుదు. వచ్చినప్పుడు ముఖం చూస్తే తెలిసిపోతుంది.

ఇంగ్లండ్ వెళ్ళినవాళ్ళు "యూ ఆల్రైట్?" విని, నేను నీరసంగా కనపడుతున్నానా అని అద్దం చూసుకుంటారు. అదీ పలకరింపే. "యా, యూ?" అనండి. షాపు కౌంటర్ దగ్గర అదే మాట వస్తే మాత్రం, ఏం కావాలని అడుగుతున్నట్టు. మళ్ళీ ఎవరు ఎవరి దగ్గరికి వెళ్ళారన్నదే.

ఆస్ట్రేలియాలో "హౌ యా గోయింగ్?" అంటారు. ఎలా వెళ్తున్నావు అని అడిగాడనుకుని "బై బస్" అని చెప్పకండి. "గుడ్, యూ?" చాలు.