చిన్న షాపులో సరుకు ఎక్కడ పోతోందో వారం వారం లెక్కతో పట్టుకోవడం ఎలా?

ఏడాదికోసారి షాపు మూసి స్టాక్ మొత్తం లెక్కపెడితే ఎంత పోయిందో తెలుస్తుంది. ఎప్పుడు పోయిందో, ఎలా పోయిందో మాత్రం తెలియదు. అప్పటికి పన్నెండు నెలల బిల్లులు, అరువులు, వాపసులు అన్నీ కలిసిపోయి ఉంటాయి. అందుకే చిన్న షాపులవాళ్లకు నేను చెప్పేది ఇదే: అన్ని సరుకులూ వద్దు, ఓ పదిహేను రకాలు ఎంచుకుని వారం వారం లెక్కపెట్టండి.

ఏవి ఎంచుకోవాలి

చేతిలో ఇమిడేవి, ఖరీదైనవి, బయట సులువుగా అమ్ముడుపోయేవి తీసుకోండి. కిరాణా షాపులో అయితే నెయ్యి, టీ పొడి, కాఫీ పొడి, జీడిపప్పు ప్యాకెట్లు, సిగరెట్లు, షేవింగ్ బ్లేడ్లు, డియోడరెంట్లు, పసిపిల్లల పాలపొడి. బియ్యం బస్తాను ఎవరూ చంకలో పెట్టుకుని వెళ్లరు కాబట్టి దాన్ని నెలకోసారి చూసినా చాలు.

అమ్మే ప్రతి వస్తువుకీ బిల్లు కొట్టే అలవాటు లేకపోయినా ఫరవాలేదు. ఈ పదిహేనింటికి మాత్రం కౌంటర్ దగ్గర ఓ నోట్‌బుక్ పెట్టి, ఒకటి అమ్మినప్పుడల్లా ఆ వస్తువు పేరు ఎదురుగా ఓ గీత గీయండి.

లెక్కపెట్టే పద్ధతి

పాల ప్యాకెట్ల కోసం జనం రాకముందే, షట్టర్ సగం దించి ఉన్నప్పుడు లెక్కపెట్టండి. విశాఖ పూర్ణా మార్కెట్ నుంచి సరుకు దిగే రోజు మాత్రం వద్దు. సరుకు లోపలికి వచ్చేసి బిల్లు ఇంకా రాయకపోతే ఉన్నది ఎక్కువగా కనిపిస్తుంది. బిల్లు రాసేసి డబ్బా ఇంకా ఆటోలోనే ఉంటే తక్కువగా కనిపిస్తుంది.

ఒకరు లెక్కపెట్టాలి, ఇంకొకరు రాయాలి. పుస్తకం ప్రకారం ఎన్ని ఉండాలో లెక్కపెట్టేవాళ్లకు ముందే చెప్పకూడదు. ఇరవై నాలుగు ఉండాలని తెలిస్తే, ఇరవై మూడు దగ్గర ఆగిన చెయ్యి ఇంకొకటి ఎక్కడో ఉందనుకుని ఇరవై నాలుగు అనేస్తుంది. ముందు అర, వెనక అర, అటక, కౌంటర్ కింద... ఇలా ఒక్కో చోట ఎన్నున్నాయో విడివిడిగా రాసి చివర్లో కూడండి. కంపెనీ టేపు చెక్కుచెదరని డబ్బా అయితే పైన అచ్చయిన సంఖ్య రాసుకోవచ్చు. టేపు ఒక్కసారి తెగిందంటే లోపలివి ఒక్కొక్కటీ లెక్కపెట్టాల్సిందే.

తర్వాత కూడిక, తీసివేత. పోయిన వారం లెక్కలో ఉన్నదానికి ఈ వారం వచ్చింది కలిపి, అందులోంచి అమ్మినది, పాడైనది, డిస్ట్రిబ్యూటర్‌కి వాపసిచ్చినది తీసేస్తే ఇప్పుడు ఉండాల్సింది వస్తుంది. స్కీములో కంపెనీ మీకు ఉచితంగా ఇచ్చిన పీసులను వచ్చినవాటిలో కలపడం మరిచిపోవద్దు. అవి కలపకపోతే సరుకు ఎక్కువగా కనిపించి, నిజంగా పోయినదాన్ని కప్పేస్తుంది.

తేడా వస్తే ఎలా వెతకాలి

గోపాలపట్నంలో మా బావగారి కిరాణా షాపులో ఒక వారం టీ పొడి పావుకిలో ప్యాకెట్ల లెక్క చూద్దాం. ముందు వారం ఉన్నవి 18, వచ్చినవి 48, అమ్మినవి 41, చిరిగిపోయి వాపసు పోయింది 1. అంటే 24 ఉండాలి. చేతికి దొరికినవి 19.

ఐదు ప్యాకెట్లు తక్కువ అనగానే బావగారి చూపు షాపులో పనిచేసే అబ్బాయి మీదికి వెళ్లింది. ఆయన్ని ఆపి, మళ్లీ లెక్కపెట్టించాం. పై అరలో బిస్కెట్ డబ్బా వెనక ఒకటి దొరికింది, 20 అయ్యాయి. తర్వాత అరువు పుస్తకం తిరగేశాం. ఎదురింటివాళ్ల ఖాతాలో రెండు టీ ప్యాకెట్లు రాసి ఉన్నాయి, కానీ అమ్మకాల్లో గీత పడలేదు. అవి తీసేస్తే ఉండాల్సింది 22. ఇంతలో అక్క వచ్చి, "ఇంట్లోకి నేనొకటి తీసుకెళ్లానుగా, రాయలేదా?" అంది. ఉండాల్సింది 21 అయింది. చివరికి తేలనిది ఒక్క ప్యాకెట్.

ఎప్పుడూ ఈ వరసలోనే వెళ్లండి: మళ్లీ లెక్క, తర్వాత సరుకు బిల్లు, తర్వాత అరువు పుస్తకం, తర్వాత ఇంటి వాడకం. మనుషుల్ని అడగడం ఆఖరున. నిజం తేలకముందే ఒకరిని అనుమానిస్తే, తర్వాత లెక్క సరిపోయినా ఆ మాట వెనక్కి రాదు.

ఇంకో తేడా తరచూ కనిపిస్తుంది. ఒకే కంపెనీ సబ్బుల్లో ఒక రకం మూడు తక్కువ, పక్క రకం మూడు ఎక్కువ. ఇది దొంగతనం కాదు, ఒకదానికి బదులు ఇంకోదానికి బిల్లు కొట్టారు. రెండింటినీ వేర్వేరు అరల్లో పెడితే చాలావరకు ఆగిపోతుంది.

డబ్బు లెక్కతో కలిపి చూడండి

దీన్ని చాలామంది వదిలేస్తారు, అసలు విషయం ఇక్కడే తేలుతుంది. ప్రతి అమ్మకానికీ బిల్లు కొట్టే షాపయితే, రోజూ రాత్రి గల్లాలోని నగదు, స్కానర్‌కి పడిన డబ్బు కలిపి, ఆ రోజు బిల్లుల మొత్తంతో సరిచూడండి. పొద్దున గల్లాలో ఉంచిన చిల్లర, అరువు, పాత బాకీ వసూలు విడిగా చూసుకోవాలి. సరుకు తగ్గి, డబ్బు దాదాపు అంతే విలువకు ఎక్కువ ఉంటే అమ్మకం జరిగింది, బిల్లు కొట్టడం మరిచారు. ఫోన్‌లో డబ్బు పడిన మోత విని సరుకు ఇచ్చేసే రద్దీ వేళల్లో ఇది ఎక్కువ. డబ్బు బిల్లులతో సరిపోయి సరుకు మాత్రం తగ్గితే, డబ్బు గల్లాలోకి రాకుండానే సరుకు వెళ్లింది.

అప్పుడు ఆ ఒక్క వస్తువునీ వారానికి కాదు, రోజుకు రెండుసార్లు లెక్కపెట్టండి. బావగారి షాపులో డియోడరెంట్లు ప్రతి వారం రెండో మూడో తగ్గేవి. సాయంత్రం ఐదింటికి ఒకసారి, షట్టర్ దించేముందు ఒకసారి లెక్కపెడితే ఆ మధ్యలోనే పోతున్నాయని తేలింది. పనిచేసే అబ్బాయి ఆ వేళ డెలివరీలకు వెళ్తాడు. స్టాండ్ గుమ్మం పక్కన ఉంది, కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకు వేలాడే చిప్స్ దండలు అడ్డం. స్టాండ్‌ని కౌంటర్ వెనక్కి మార్చాక తగ్గడం ఆగింది.

తూచి అమ్మే సరుకు

పంచదార, పప్పులు, బెల్లం లాంటివాటిలో కొంత తరుగు తప్పదు. దానికి లెక్క మీరే కట్టుకోవాలి. ఒక బస్తాను దించగానే తూచి, అమ్మిన తూకాలన్నీ రాస్తూ ఖాళీ అయ్యేదాకా చూడండి. ఎంత తేడా వచ్చిందో అదే మీ షాపు తరుగు. తర్వాతి బస్తాల్లో అంతకు మించితేనే వెతకండి. అనకాపల్లి బెల్లానికి మాత్రం వానాకాలం లెక్క వేరుగా ఉంచండి. మన సముద్రపు గాలి తేమకు బెల్లం చెమర్చి, కారి, దిమ్మ అడుగున అంటుకుపోతుంది. ఎండాకాలం తరుగును దానికి వర్తింపజేస్తే, లేని దొంగ కోసం వెతుకుతారు.

పదిహేను రకాల్లో వరసగా నాలుగు వారాలు తేడా రానివాటిని జాబితాలోంచి తీసి కొత్తవి చేర్చండి. సిగరెట్లు, నెయ్యి మాత్రం ఎప్పుడూ ఉండాలి. సంక్రాంతి, దసరాలకు ముందు పండగ సరుకు దిగకముందే ఒక లెక్క, పండగ మర్నాడు ఒక లెక్క చేయండి. ఆ మధ్య వారంలో లెక్కపెట్టే తీరికా ఉండదు, పెట్టినా నమ్మదగ్గ సంఖ్య రాదు.